వైఫై మీద వంతెన ఎందుకు నిలవదు

ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు తన లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకుని, అందులో ఉబుంటు సర్వర్ ఎక్కించి, ఫ్లాస్క్‌తో రాసిన చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాడనుకుందాం. ఆ సైట్ తన ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో చూసుకోవాలి. సీనియర్లు చెప్పే సలహా ఒకటే: సెట్టింగ్స్‌లో `Bridged Adapter` పెట్టెయ్, గెస్ట్‌కి సొంత ఐపీ వచ్చేస్తుంది. కాలేజీ ల్యాబులో కేబుల్ తగిలించి ఉన్న కంప్యూటర్ మీద నిజంగానే వచ్చింది. ఇంట్లో వైఫై మీద అదే సెట్టింగు, అదే గెస్ట్, కానీ ఐపీ మాత్రం రాదు. రౌటర్ రీస్టార్ట్ చేస్తాడు, డ్రైవర్ మార్చి చూస్తాడు, చివరికి వర్చువల్‌బాక్సునే తీసేసి మళ్లీ ఎక్కిస్తాడు. లాభం ఉండదు, ఎందుకంటే తప్పు అక్కడెక్కడా లేదు.

బ్రిడ్జింగ్ అంటే లాప్‌టాప్‌కి ఉన్న ఒక్క నెట్‌వర్క్ కార్డు గుండా రెండు యంత్రాలు మాట్లాడటం. ఒకటి అసలు లాప్‌టాప్, అంటే హోస్ట్. రెండోది దాని కడుపులో నడిచే గెస్ట్. ఎవరి మ్యాక్ అడ్రస్ వారిదే. వర్చువల్‌బాక్స్ ఇచ్చే మ్యాక్‌లు సాధారణంగా `08:00:27`తో మొదలవుతాయి. కేబుల్ విషయంలో దీనికి ఏ అడ్డూ లేదు. ఈథర్‌నెట్ ఫ్రేములో పంపినవారి మ్యాక్, అందుకోవాల్సినవారి మ్యాక్ ఉంటాయి. అవతలి స్విచ్ ఒకే పోర్టులోంచి రెండు మ్యాక్‌లు వస్తే రెండింటినీ గుర్తుపెట్టుకుంటుంది, అంతే. ఎవరు నువ్వు అని మామూలు ఇంటి స్విచ్ అడగదు.

వైఫై అడుగుతుంది. లాప్‌టాప్ రౌటర్‌కి కనెక్ట్ అయినప్పుడు ముందు తన మ్యాక్‌తో నమోదు చేసుకుంటుంది. పాస్‌వర్డ్ సరిపోయాక ఆ మ్యాక్ కోసమే ప్రత్యేకంగా ఎన్‌క్రిప్షన్ తాళాలు తయారవుతాయి. రౌటర్ దగ్గరుండే పట్టికలో ఎవరి మ్యాక్ ఉంటే వారితోనే మాటామంతీ. గెస్ట్ మ్యాక్ ఆ పట్టికలో లేదు, దాని పేరు మీద తాళమూ లేదు. అలాంటి మ్యాక్ నుంచి ఫ్రేము వస్తే రౌటర్ దాన్ని పారేస్తుంది.

మరి లాప్‌టాప్ తన తాళంతోనే గెస్ట్ ఫ్రేమును పంపితే సరిపోదా? ఇక్కడే అసలు చిక్కు. వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం ప్రకారం లాప్‌టాప్ నుంచి రౌటర్‌కి వెళ్లే మామూలు ఫ్రేములో మూడు అడ్రసులే ఉంటాయి: రౌటర్‌ది, పంపినవారిది, చివరికి చేరాల్సినవారిది. ఫ్రేమును గాలిలోకి వదిలినవారూ, దాన్ని మొదట పుట్టించినవారూ ఒక్కరేనని ప్రమాణం అనుకుంటుంది. అందుకే ఇద్దరికీ కలిపి ఒకే గడి ఉంచింది. కవరు మీద పేరు రాయడానికి చోటుంది కానీ కేరాఫ్ రాయడానికి చోటు లేదన్నమాట. రౌటర్ నుంచి తిరుగు దారిలోనూ ఇంతే. గాలిలో ఫ్రేమును అందుకునేవారూ, చివరి గమ్యమూ ఒకే గడిలో ఉంటారు. కాబట్టి గెస్ట్ పేరున జవాబు వచ్చినా, దాన్ని లాప్‌టాప్ ద్వారా పంపాలని రౌటర్‌కి తెలిసే మార్గం లేదు.

లైనక్స్ ఈ సంగతి దాచకుండా మొహం మీదే చెప్పేస్తుంది. వైఫై కార్డును బ్రిడ్జికి కలపబోతే ఇలా అంటుంది:

```
$ sudo ip link set wlan0 master br0
Error: Device does not allow enslaving to a bridge.
```

పాత వెర్షన్లలో అదే మాట `Operation not supported` అని వచ్చేది. ఇది చూసి డ్రైవర్ పాడైందనుకుని రోజంతా వెతికేవాళ్లున్నారు. కెర్నల్ కావాలనే వద్దంటోంది.

ప్రమాణంలో నాలుగో అడ్రసుకి కూడా చోటుంది. రెండు రౌటర్లను గాలిలోనే ఒకదానికొకటి కలిపేందుకు దాన్ని వాడతారు. లైనక్స్‌లో `iw dev wlan0 set 4addr on` అంటే లాప్‌టాప్ కూడా ఆ పద్ధతికి మారుతుంది, అప్పుడు బ్రిడ్జి కడితే కెర్నల్ ఒప్పుకుంటుంది. కానీ డ్రైవర్ ఒప్పుకోవాలి, అవతల రౌటర్ కూడా అదే పద్ధతి మాట్లాడాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకున్న రౌటర్లలో ఇది సాధ్యమే. ఇంటర్నెట్ కంపెనీవాళ్లు బిగించి వెళ్లిన పెట్టెలో ఆ సదుపాయం దొరుకుతుందని ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

ఇంత కథ ఉంటే, వైఫై మీద కూడా వర్చువల్‌బాక్స్‌లో బ్రిడ్జ్ పనిచేసిందని కొందరు ఎలా చెబుతున్నారు? వాళ్లు చెప్పేదీ నిజమే. వైఫై కార్డును గుర్తిస్తే వర్చువల్‌బాక్స్ నిజమైన బ్రిడ్జి కట్టదు. బయటికెళ్లే ప్రతి ఫ్రేములో గెస్ట్ మ్యాక్ తీసేసి లాప్‌టాప్ మ్యాక్ పెడుతుంది. లోపలికొచ్చిన ఫ్రేములో ఐపీ అడ్రస్ చూసి, అది గెస్ట్‌ది అయితే మ్యాక్‌ను మళ్లీ మార్చి గెస్ట్‌కి అందిస్తుంది. రౌటర్ దృష్టిలో ఒకే లాప్‌టాప్‌కి రెండు ఐపీలు ఉన్నట్టు, అంతే.

తెలివైన ఉపాయమే, కానీ అతుకు అతుకే. గెస్ట్ ఐపీ ఏమిటో కనిపెట్టడానికి వర్చువల్‌బాక్స్ డీహెచ్‌సీపీ, ఏఆర్‌పీ సందేశాలను గమనిస్తూ ఉండాలి. ఐపీ అడిగే డీహెచ్‌సీపీ సందేశంలో మ్యాక్ రెండుచోట్ల ఉంటుంది: ఒకటి ఫ్రేము తలమీద, ఇంకొకటి సందేశం లోపల. పైది మారినా లోపలిది గెస్ట్‌దే. రౌటర్ ఆ లోపలి మ్యాక్‌కే సూటిగా జవాబు పంపిందో, ఆ జవాబు గాలిలోకి కూడా రాదు. ఆ పేరు పట్టికలో లేదు కదా. అందరికీ వినపడేలా ప్రసారం చేసే రౌటర్ అయితే జవాబు చేరుతుంది. మీ ఇంట్లో పనిచేసిన లాప్‌టాప్ స్నేహితుడి ఇంట్లో మొండికేయడానికి ఇదొక కారణం.

నిర్ధారించుకోవడం కష్టం కాదు. లైనక్స్ హోస్ట్‌లో ఇది నడిపి, గెస్ట్‌ను రీస్టార్ట్ చేయండి (వైఫై కార్డు పేరు మీ దగ్గర `wlp2s0` లాంటిదేదో ఉండవచ్చు):

```
sudo tcpdump -e -n -i wlan0 port 67 or port 68
```

అభ్యర్థన పదే పదే వెళ్తూ, దానికి జవాబు ఒక్కటీ కనిపించకపోతే దారి అక్కడే తెగిందని అర్థం. తర్వాత గెస్ట్‌లో ఖాళీగా ఉన్న ఐపీ ఒకటి చేత్తో పెట్టి చూడండి. అప్పుడు నెట్ వస్తే పాపం డీహెచ్‌సీపీది మాత్రమే. అప్పటికీ రాకపోతే బ్రిడ్జి మీద ఆశ వదిలెయ్యండి.

నన్నడిగితే, ముందే వదిలెయ్యమంటాను. ఫోన్‌లో సైట్ చూడాలన్నదే మన కుర్రాడి అవసరం. దానికి గెస్ట్‌కి సొంత ఐపీ ఎందుకు? వర్చువల్‌బాక్స్ మొదటి నుంచీ ఇచ్చే `NAT` చాలు. అందులో గెస్ట్ ఐపీ సాధారణంగా 10.0.2.15. బయటికి వెళ్లే ప్రతిదీ లాప్‌టాప్ పేరు మీదే వెళ్తుంది కాబట్టి వైఫైకి ఏ అభ్యంతరమూ ఉండదు. లోపలికి రావడానికి మాత్రం తలుపు మనం తెరవాలి. దాని పేరే పోర్ట్ ఫార్వర్డింగ్. ఫ్లాస్క్ 5000 పోర్టులో వింటుంది. లాప్‌టాప్ 8080 పోర్టుకి వచ్చినదాన్ని అక్కడికి పంపమనాలి. గెస్ట్ ఆపి ఉన్నప్పుడు ఇలా:

```
VBoxManage modifyvm "ubuntu-vm" --natpf1 "web,tcp,,8080,,5000"
```

లాప్‌టాప్ ఐపీ 192.168.1.20 అయితే ఫోన్‌లో `http://192.168.1.20:8080` తెరవాలి. లైనక్స్ హోస్టుల్లో 1024 కంటే చిన్న పోర్టు పెడితే మామూలుగా కుదరదు. అందుకే 80 కాకుండా 8080.

చాలామంది ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు, పేజీ తెరుచుకోదు. అప్పుడు లోపలి నుంచి బయటికి ఒక్కో మెట్టూ చూసుకుంటూ రావాలి. గెస్ట్‌లో `ss -tln` అంటే ఏ పోర్టు ఎక్కడ వింటోందో చూపిస్తుంది. `127.0.0.1:5000` అని ఉంటే ఫ్లాస్క్ తనలో తానే మాట్లాడుకుంటోంది, బయటివారి మాట వినదు. మామూలుగా అది అలాగే మొదలవుతుంది. `flask run --host 0.0.0.0` అని నడపాలి. అది సరిగ్గా ఉంటే లాప్‌టాప్ బ్రౌజర్‌లో `http://127.0.0.1:8080` తెరవండి. అక్కడ వచ్చి ఫోన్‌లో రాకపోతే దోషం లాప్‌టాప్ ఫైర్‌వాల్‌ది కావచ్చు. లేదా వైఫైదే కావచ్చు. హాస్టళ్లలో, ఆఫీసుల్లో ఒక పరికరం ఇంకొక పరికరాన్ని చూడకుండా అడ్డుగోడ పెడతారు. అక్కడ ఫోన్ నుంచి గెస్టే కాదు, లాప్‌టాప్ కూడా అందదు. ఏ సెట్టింగు మార్చినా వృథా.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. బయటి నుంచి గెస్ట్‌ను పింగ్ చేయలేం, టీసీపీ, యూడీపీ మాత్రమే దాటుతాయి. లాప్‌టాప్‌లో `127.0.0.1` ద్వారా తెరిచిన సందర్శన ఫ్లాస్క్ లాగ్‌లో 10.0.2.2 నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది.

లాప్‌టాప్ నుంచే గెస్ట్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ చేసుకోవాలంటే రెండో అడాప్టర్‌గా `Host-only` పెట్టుకోవడం హాయి. 192.168.56 వరసలో గెస్ట్‌కి స్థిరమైన చోటు దొరుకుతుంది, వైఫై మారినా అది మారదు. ఉబుంటు సర్వర్ ఎక్కించాక ఈ అడాప్టర్ చేర్చితే మాత్రం అది తనంతట తాను మేలుకోదు. నెట్‌ప్లాన్ ఫైల్లో `enp0s8` కింద `dhcp4: true` రాసి `sudo netplan apply` చేయాలి.

ఇంటి రౌటర్ మీ చేతిలో ఉండి, హోస్ట్ లైనక్స్ అయితే ఇదే హోస్ట్-ఓన్లీ వరసకు ఇంట్లో అందరికీ దారి వేయవచ్చు. రౌటర్‌లో 192.168.56.0/24 కోసం 192.168.1.20 దగ్గరికి వెళ్లమని స్టాటిక్ రూట్ రాయాలి, హోస్ట్‌లో `net.ipv4.ip_forward=1` పెట్టాలి. ఎక్కువమంది మరిచేది తిరుగు దారి. గెస్ట్ తన జవాబును అలవాటు ప్రకారం నాట్ అడాప్టర్ వైపు పంపేస్తుంది, ఫోన్‌కి అది ఎప్పటికీ చేరదు. గెస్ట్‌లో ఇది కూడా చెప్పాలి:

```
sudo ip route add 192.168.1.0/24 via 192.168.56.1
```

రీస్టార్ట్ చేస్తే ఇది పోతుంది, శాశ్వతంగా కావాలంటే నెట్‌ప్లాన్‌లోనే రాసుకోవాలి. లాప్‌టాప్ ఐపీ మారకుండా రౌటర్‌లో కేటాయించుకోవాలి కూడా.

హాస్టల్ వైఫై లాంటి చోట, రౌటర్ మనది కానప్పుడు, గెస్ట్‌లోనూ ఫోన్‌లోనూ టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకుంటే ఆ అడ్డుగోడ కూడా చాలా చోట్ల అడ్డు కాదు. రెండూ తామే బయటికి కనెక్షన్ తెరుస్తాయి, 100తో మొదలయ్యే ఐపీలతో ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. వైఫై దృష్టిలో అది మామూలు ఇంటర్నెట్ వాడకమే. అయితే హాస్టల్ వాళ్ల నియమాలు వీపీఎన్ వాడవద్దంటే అది వేరే సంగతి.

ఇవన్నీ కాదు, డీహెచ్‌సీపీ సర్వర్‌నో నెట్‌వర్క్ బూట్‌నో గెస్ట్‌లో నేర్చుకోవాలి, అసలైన బ్రిడ్జే కావాలి అనేవారికి యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ కొనుక్కోవడమే సూటి దారి. దానికి కేబుల్ పెట్టి రౌటర్‌కి తగిలించి, `Bridged Adapter` కింద ఆ కార్డు పేరు ఎంచుకోండి. లిస్టులో వైఫై కార్డే మొదట ఉండవచ్చు, పేరు చూసి మార్చుకోండి.