మొదటి ర్యాంకు మందు

మొదటి ర్యాంకు ఎవరిదో చెబితే, రెండో ర్యాంకుకూ దానికీ ఎన్ని మార్కుల తేడా ఉందో తెలియదు. మందుల ర్యాంకులదీ ఇదే కథ.

2018లో ‘లాన్సెట్’ పత్రిక, 21 డిప్రెషన్ మందులపై జరిగిన 522 ప్రయోగాలను కలిపి లెక్కించిన నెట్‌వర్క్ మెటా అనాలిసిస్‌ను ప్రచురించింది. రెండు మందులను నేరుగా పోల్చిన ప్రయోగాలు తక్కువైతే, రెండింటినీ ప్లాసిబో అనే ఉత్తుత్తి మాత్రతో పోల్చి, ఆ చుట్టుదారిన కట్టిన తేడాను నేరు ఫలితంతో కలిపి లెక్కించడమే ఈ పద్ధతి.

గుణం విషయంలో ఎమిట్రిప్టిలిన్ ముందుంది. ప్లాసిబోతో పోల్చిన దాని ఆడ్స్ నిష్పత్తి 2.13, హద్దులు 1.89–2.41. మిర్టజపిన్‌కు 1.89, హద్దులు 1.64–2.20. రెండు హద్దులూ చాలామేర కలిసిపోతున్నాయి చూడండి! అందుకే నేనైతే "మొదటిదే ఉత్తమం" అని రాయను. "రెండూ ప్లాసిబో కన్నా మెరుగు, వాటిలో ఏది మేలో ఈ అంకెలు తేల్చవు" అని రాస్తాను.

నేరుదారి ఫలితమూ, చుట్టుదారి ఫలితమూ పొసగుతున్నాయా అన్నదీ చూడాలి. పొసగకపోతే ర్యాంకు పక్కన పెట్టి, రెండు దారుల్లో రోగులూ మోతాదులూ ఒకలాంటివేనా అని వెతకాలి. తేడా కనబడలేదంటే మాత్రం లేదని కాదు. నేరు ప్రయోగాలు రెండో మూడో అయితే, ఉన్న తేడా కూడా లెక్కకు చిక్కదు. ఆ మాట కూడా ర్యాంకు పక్కనే రాయాలి మరి.