తలుపు తోసుకుని వచ్చే కథలు

టీవీలో వచ్చే హాస్య ధారావాహికలు, అంటే సిట్‌కామ్‌లు, చాలావరకు రెండు చోట్ల నడుస్తాయి. కొన్ని ఇంట్లో, కొన్ని పనిచేసే చోట. రెండింటికీ ఉన్న ఇబ్బంది ఒకటే. పాత్రలు మారకూడదు, కథ మాత్రం వారం వారం మారాలి. అమెరికాలో పెద్ద ఛానళ్లు చాలా ఏళ్లపాటు ఒక్కో సీజన్‌కు ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు అడిగేవి. ఇంటి కథలో పిల్లల మార్కులు, అత్తగారి రాక, పుట్టినరోజు, మరిచిపోయిన పెళ్లిరోజు అయ్యాక రచయితకు కొత్త విషయం దొరకడం కష్టం. పనిచేసే చోట ఆ కరువు ఉండదు. అక్కడికి కష్టంలో ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. వచ్చినవాళ్లను పట్టించుకోవడం అక్కడి సిబ్బంది ఉద్యోగం. ఇష్టం లేదని తలుపేసుకునే వీలు లేదు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడాలంటే 1975 నుంచి 1982 దాకా అమెరికాలో ఏబీసీ ఛానల్‌లో వచ్చిన ‘బార్నీ మిల్లర్’ కన్నా మంచి ఉదాహరణ లేదు. డానీ ఆర్నాల్డ్, థియొడోర్ ఫ్లికర్ దాని సృష్టికర్తలు. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ ప్రాంతంలో ఒక పాత పోలీసు స్టేషన్, అందులో డిటెక్టివ్‌లు కూర్చునే ఒకే ఒక్క గది. కథ దాదాపు మొత్తం అక్కడే. మొదట అనుకున్నది మాత్రం ఇది కాదు. కెప్టెన్ బార్నీ ఇంటినీ స్టేషన్‌నూ సగం సగం చూపించాలన్నది తొలి ఆలోచన. 1974లో ప్రసారమైన నమూనా ఎపిసోడ్‌లో భార్యాపిల్లలకు బాగానే చోటిచ్చారు. అసలు ధారావాహిక మొదలయ్యాక ఇల్లు మెల్లమెల్లగా తెరమీంచి తప్పుకుంది. స్టేషన్‌లో దొరికిన కథ ఇంట్లో దొరకలేదు, అంతే.

ఆ గదిని ఒకసారి గమనించాలి. ఒక పక్క లోపలికి వచ్చే తలుపు. అరడజను బల్లలు, వాటి మీద టైపు మిషన్లు, నోట పెట్టుకోలేని కాఫీ. ఒక మూల ఇనుప కటకటాల లాకప్, ఇంకో పక్క కెప్టెన్ గది. ఈ నాలుగు వస్తువులతోనే ఎపిసోడ్ నడుస్తుంది. తలుపు కథను లోపలికి తెస్తుంది. బల్ల దగ్గర కూర్చోబెట్టి ఫిర్యాదు రాసుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలన్నీ అడుగుతారు కాబట్టి, వచ్చిన మనిషి ఎవరో, అతని గోల ఏమిటో ప్రేక్షకుడికి విడిగా చెప్పాల్సిన పని తప్పుతుంది. కెప్టెన్ గదిలో తీర్పు జరుగుతుంది. అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు లాకప్. పట్టుబడ్డ మనిషి అందులో ఉన్నంతసేపు కథలోంచి జారిపోలేడు. వేరే కేసు నడుస్తున్నా కటకటాల వెనక నుంచి ఒక మాట విసురుతూనే ఉంటాడు. రెండు కథలు ఒకే గదిలో ఒకదాన్నొకటి వింటూ సాగడానికి అదే కారణం.

1976లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో, తాను తోడేలుగా మారిపోతానని గట్టిగా నమ్మే మనిషి ఈ స్టేషన్‌కు చేరతాడు. అదే మనిషి ఒక ఇంటి తలుపు తడితే ఆ ఇంటివాళ్లు భయపడి పంపించేస్తారు, కథ రెండు నిమిషాల్లో ముగుస్తుంది. పోలీసులు పంపించలేరు. నమ్మకపోయినా మర్యాదగా వినాలి, కాగితం మీద రాయాలి, కనిపెట్టుకుని ఉండాలి. విచిత్రమైన మనిషికీ విసుగుపుట్టించే కార్యాలయ పద్ధతికీ మధ్య ఉన్న ఈ తేడాలోంచే నవ్వు పుడుతుంది. ఆ మనిషిని వెక్కిరించాల్సిన అవసరం రాదు. ‘బార్నీ మిల్లర్’ గొప్పతనం చాలావరకు ఇక్కడే ఉంది.

అదే ఏడాది వచ్చిన మరో ఎపిసోడ్‌లో కష్టం బయటివాళ్లతో కాక సిబ్బంది చేతుల్లోనే లోపలికొస్తుంది. డిటెక్టివ్ వోజో స్నేహితురాలు చేసిచ్చిన బ్రౌనీలను అందరూ ఇష్టంగా తింటారు. వాటిలో హషీష్ కలిసి ఉందని తర్వాత తెలుస్తుంది. మత్తులో మనుషులు వింతగా మాట్లాడటం ఎక్కడైనా నవ్విస్తుంది. కానీ పోలీసు స్టేషన్‌లో అది నేరం కూడా. తిన్నది పోలీసులు, తెచ్చింది పోలీసు, చేసిన అమ్మాయి ఆ పోలీసుకు కావలసిన మనిషి. కెప్టెన్ ఏం చేయాలి? ఈ ప్రశ్న స్థలం వేసింది, రచయిత ఎక్కడినుంచో తెచ్చిపెట్టింది కాదు. ఆ కాలంలోనే రెండు భాగాలుగా వచ్చిన ఇంకో కథలో, పట్టుబడ్డ మనిషికి మశూచి సోకిందేమోనన్న అనుమానంతో గది మొత్తాన్ని మూసేస్తారు. రోజూ మనుషుల్ని లోపలికి తెచ్చే తలుపు ఈసారి ఎవర్నీ బయటికి పోనివ్వదు. ఒక్క నియమాన్ని తిరగేస్తే కొత్త కథ పుట్టిందన్నమాట.

ఆసుపత్రిలో తలుపు పని మంచం చేస్తుంది. ప్రతి మంచమూ ఒక కథ. 2001లో బిల్ లారెన్స్ మొదలుపెట్టిన ‘స్క్రబ్స్’లో తొలి సీజన్ నాలుగో ఎపిసోడ్ ఈ లెక్కను దాచకుండా చూపిస్తుంది. ఆసుపత్రిలో చేరిన ముగ్గురు రోగుల్లో ఒకరు చనిపోతారని మొదట్లోనే వినిపిస్తుంది. చదువు ముగించుకుని కొత్తగా డ్యూటీలో చేరిన ముగ్గురు యువ డాక్టర్లకు తలా ఒక రోగి. జేడీకి డయాలసిస్ వద్దంటున్న వృద్ధురాలు, టర్క్‌కు తన ఈడు కుర్రాడు, ఎలియట్‌కు స్పానిష్ తప్ప మరో భాష రాని మహిళ. రోగి ఎవరో చూస్తే ఆ డాక్టర్‌లోని లోపమేమిటో తెలుస్తుంది. చావును ఒప్పుకోలేని జేడీకి చావుకు సిద్ధపడిన మనిషి ఎదురైంది. సర్జన్ అన్నవాడు రోగికి దగ్గర కాకూడదనుకునే టర్క్‌కు స్నేహితుడైపోయే కుర్రాడు దొరికాడు. రోగుల ముందు తడబడే ఎలియట్ ప్రతి మాటకూ నర్సు కార్లా అనువాదం మీద ఆధారపడాల్సి వచ్చింది. ముగ్గురిలో పోయేదెవరని ప్రేక్షకుడు లెక్కవేసుకుంటూ ఉంటాడు. చివరికి ముగ్గురూ పోతారు.

ఇరవై రెండు నిమిషాల హాస్య ధారావాహిక అంత బరువు మోయగలగడానికి కారణం, ఆసుపత్రిలో చావు ఎవరూ ఊహించలేని మలుపు కాకపోవడమే. ఆసుపత్రి కథకు ఒక కట్టుబాటు కూడా ఉంది. రోగి బాధను చూపి నవ్వించకూడదు. నవ్వు డాక్టర్ల భయంలోంచి, పోటీలోంచి, నిద్రలేమిలోంచి రావాలి. పైగా శిక్షణలో ఉన్న డాక్టర్లు ఏటేటా పై మెట్టుకు వెళ్లాలి. స్టేషన్‌లోని డిటెక్టివ్ ఏడేళ్లు అదే బల్ల దగ్గర కూర్చుంటే నమ్ముతాం. ఏడేళ్లు తడబడుతూనే ఉన్న డాక్టర్‌ను నమ్మలేం. ‘స్క్రబ్స్’ తొమ్మిదో సీజన్ నాటికి పాత మనుషుల్ని వెనక్కి తగ్గించి కొత్త వైద్య విద్యార్థుల్ని తేవాల్సి వచ్చింది. ఆ ఒక్క సీజన్‌తోనే ధారావాహిక ఆగిపోయింది.

ఆఫీసు సంగతి వేరు. కాగితం అమ్మే కంపెనీకి దిక్కులేని మనిషి పరుగెత్తుకుంటూ రాడు. మరి కథ ఎక్కడినుంచి? పైనుంచి. 2001లో బ్రిటన్‌లో వచ్చిన ‘ది ఆఫీస్’కు 2005లో అమెరికన్ రూపం తయారైంది. దాని తొలి సీజన్‌లో ఆరోగ్య బీమా ఎపిసోడ్ ఉంది. ఖర్చు తగ్గించే బీమా పథకం ఎంచుకోమని హెడ్డాఫీసు మేనేజర్ మైకేల్‌కు చెబుతుంది. సిబ్బందికి చేదు కబురు చెప్పే ధైర్యం లేక అతను ఆ పనిని జిమ్ మీదికి తోస్తాడు. జిమ్ తప్పించుకుంటాడు. అధికారం కోసం తహతహలాడే డ్వైట్ సంతోషంగా తీసుకుని, ఉన్న సౌకర్యాలన్నీ కోసేస్తాడు. జనం తిరగబడతారు. ఎవరికే జబ్బుందో రాసివ్వమంటే జిమ్, పామ్ లేని జబ్బులు కల్పించి రాస్తారు. మైకేల్ అందరి కోపం చల్లార్చడానికి సాయంత్రం ఒక బహుమానం ఉందని ప్రకటిస్తాడు. సాయంత్రమవుతుంది. బహుమానం లేదు. ఒక్క ఆదేశం పైమెట్టు నుంచి కిందికి దిగుతూ, దిగిన ప్రతి మెట్టు దగ్గరా ఒక్కో మనిషి స్వభావాన్ని బయటపెట్టింది. ఆఫీసు కథల్లో చాలావాటికి మూలం ఇలాంటి ఒక సర్క్యులరే.

అందుకే ఆఫీసు కథకు చెడ్డ మేనేజర్ తప్పనిసరి. స్టేషన్‌కు ఆ అవసరం లేదు. బార్నీ నిదానస్తుడు, న్యాయం తెలిసినవాడు. బయటినుంచి పిచ్చి వస్తుంటే లోపల ఒకడు స్థిమితంగా ఉండాలి. బయటినుంచి ఏమీ రానిచోట లోపలివాడే తుఫాను పుట్టించాలి. మైకేల్ పాత్ర ఏడో సీజన్‌లో వెళ్లిపోయాక అమెరికన్ ‘ది ఆఫీస్’ ఇంకో రెండు సీజన్లు నడిచింది గానీ, ఆ ఇంజన్ మళ్లీ అంత బలంగా తిరగలేదు.

మన దేశంలో ఈ సూత్రాన్ని తలకిందులు చేసి గెలిచింది 2001లో సబ్ టీవీలో మొదలైన హిందీ ‘ఆఫీస్ ఆఫీస్’. ఇందులో కథానాయకుడు ఉద్యోగి కాదు, పని కోసం వచ్చిన సామాన్యుడు. పంకజ్ కపూర్ పోషించిన ముసద్దీలాల్ వారానికో ప్రభుత్వ కార్యాలయం గుమ్మం ఎక్కుతాడు. కార్యాలయం మారినా బల్లల వెనక కనిపించేది అదే గుమాస్తాల గుంపు. ఎక్కడికెళ్లినా వాళ్లే ఎదురవుతారన్న ఊహ ఒక్కటే దానికి వందల మాటల పెట్టు. అదే ఏడాది జెమినీ టీవీలో మొదలైన ‘అమృతం’ హోటల్‌ను ఆధారం చేసుకుంది. గుణ్ణం గంగరాజు ఈ కథను ఇంటికీ వ్యాపారానికీ మధ్య నడిపారు. హోటల్ సరిగా నడవకపోవడం, అమృతం, ఆంజనేయులు దాన్ని గట్టెక్కించాలని కొత్త ఉపాయం పన్నడం, అది బెడిసికొట్టడం. హోటల్ బాగా నడిచిన రోజున ఆ కథ ఆగిపోతుంది.

ఈ తరహా కథ గాడి తప్పిందని పసిగట్టడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఎపిసోడ్‌లోని గొడవను యథాతథంగా ఒక ఇంటి వంటగదిలోకి మార్చి చూడాలి. ఏమీ చెడకపోతే స్టేషన్, ఆసుపత్రి కేవలం గోడలుగా మిగిలాయని అర్థం. ఇద్దరు ఉద్యోగుల ప్రేమ కథ పెరిగేకొద్దీ సాధారణంగా ఇదే జరుగుతుంది. జనం ఆ జంట కోసం చూస్తారు కాబట్టి రచయితలు అటే లాగుతారు, ఫిర్యాదుదారు తలుపు దగ్గరే నిలబడిపోతాడు.

స్థలానికి ఇంకో స్వభావం ఉంది. అది బయటి ప్రపంచాన్ని కూడా లోపలికి తెస్తుంది, రచయిత వద్దన్నా సరే. న్యూయార్క్ పోలీసు స్టేషన్ మీదే అల్లిన ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ 2013 నుంచి సరదాగా సాగింది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో చనిపోయాక, సరదా పోలీసుల కథ చెప్పడం అంత తేలిక కాలేదు. అప్పటికే రాసి ఉంచిన నాలుగు ఎపిసోడ్లను పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టామని నటుడు టెర్రీ క్రూస్ వెల్లడించాడు. 2021లో వచ్చిన చివరి సీజన్ పది ఎపిసోడ్లతో ముగిసింది. అందులో డిటెక్టివ్ రోసా డియాజ్ పోలీసు ఉద్యోగం వదిలేసి, పోలీసుల దౌర్జన్యానికి గురైనవాళ్ల తరఫున పనిచేస్తూ కనిపిస్తుంది.