పాత ధరల మీద గెలిచే బంగారం సూత్రం

బంగారం ట్రేడింగ్‌లో అందరూ మొదట నేర్చుకునే సూత్రం చాలా సులువైనది. రోజు ముగింపు ధర గత 200 రోజుల సగటు కంటే పైకి వెళితే కొనాలి, కిందికి దిగితే అమ్మేయాలి. ఈ సూత్రాన్ని పాత ధరల మీద నడిపి, అప్పుడే వాడి ఉంటే ఎంత మిగిలేదో లెక్క కట్టడాన్ని బ్యాక్‌టెస్టింగ్ అంటారు. కంప్యూటర్‌కి అది క్షణాల పని. చిక్కంతా ఆ వేగంలోనే ఉంది.

2001లో ఔన్సు బంగారం 270 డాలర్ల దగ్గర ఉండేది. 2011 సెప్టెంబరుకు 1,900 డాలర్ల దాకా ఎగబాకింది. ఈ పదేళ్ల ధరల మీద సూత్రాన్ని నడిపితే లాభం రావడంలో వింత లేదు, ఎందుకంటే కొని ఊరికే దాచుకున్నవాళ్లకీ లాభమే వచ్చింది. కాబట్టి మొదటి పోలిక దానితోనే పెట్టాలి. కొని ఉంచుకోవడం కంటే సూత్రం ఎక్కువ ఇచ్చిందా, లేక పడిపోయిన రోజుల్లో నష్టాన్ని తగ్గించిందా? చాలా ప్రకటనల్లో ఈ పోలికే కనిపించదు.

ఇప్పుడు ఫలితం అంత బాగా లేదనుకోండి. 200కి బదులు 150 పెట్టి చూస్తాం, తర్వాత 90, ఆపైన 47. సగటు కాలాన్ని 5 రోజుల నుంచి 250 రోజుల దాకా ఒక్కొక్కటే మారిస్తే 246 రకాలు. ఒక శాతం నుంచి ఐదు శాతం దాకా అర శాతం చొప్పున పెంచుతూ 9 రకాల స్టాప్‌లాస్ కలిపితే 2,214. వారంలో ఫలానా రోజు కొనకూడదన్న షరతు కూడా పరీక్షిస్తే, ఏ షరతూ లేని రకంతో కలిపి 13,284. వీటిలో ఒక్కదానికీ నిజమైన బలం లేకపోయినా, కేవలం అదృష్టం కొద్దీ కొన్ని అద్భుతంగా కనిపిస్తాయి. వెయ్యిమంది చేత పదేసిసార్లు నాణెం ఎగరేయిస్తే ఎవరో ఒకరికి పదిసార్లూ బొమ్మే పడే అవకాశం సగానికి మించి ఉంటుంది. అతనికి నాణెం ఎగరేయడంలో నేర్పు ఉందని మనం అనుకోం కదా. కానీ 47 రోజుల సగటు, రెండున్నర శాతం స్టాప్‌లాస్, శుక్రవారం కొనకూడదు అన్న సూత్రం తెర మీద మెరిసేసరికి అదే పొరపాటు చేస్తాం. గతంలోని యాదృచ్ఛిక ఎగుడుదిగుళ్లకు సరిగ్గా అమరేలా సూత్రాన్ని కత్తిరించుకోవడమే ఓవర్‌ఫిట్టింగ్.

ఈ విషయాన్ని బెయిలీ, బోర్‌వీన్, లోపెజ్ డి ప్రాడో, ఝూ అనే నలుగురు పరిశోధకులు 2014లో గణితంతో నిరూపించారు. చేతిలో ఐదేళ్ల ధరలే ఉంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని 45 రకాలకు మించి పరీక్షించకూడదని తేల్చారు. అది దాటితే, అసలు విలువ సున్నా అయిన సూత్రం కూడా కాగితం మీద మంచి ఫలితం చూపడం దాదాపు ఖాయం. మన 13,284 రకాలు ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే కాబట్టి వాటిని అన్ని వేరువేరు ప్రయత్నాలుగా లెక్కించలేం. అయినా 45 దాటిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

అతికిన సూత్రాన్ని పట్టుకునే మార్గాలున్నాయి. మొదట దాని ఇరుగుపొరుగును చూడాలి. 47 రోజుల సగటు బ్రహ్మాండంగా ఉండి, 44, 50 రోజులవి నష్టాల్లో ఉంటే ఆ 47లో మహిమేమీ లేదు. బంగారం నడకలో నిజంగా ఒక ధోరణి ఉంటే మూడు రోజుల తేడాకే అది మాయమవదు.

తర్వాత లాభం ఏ రోజుల్లో వచ్చిందో విప్పి చూడాలి. 2013 ఏప్రిల్ 15న బంగారం ఒక్కరోజులో దాదాపు 9 శాతం పడింది. ఆ రోజు సూత్రం చేతిలో బంగారం ఉందా లేదా అన్నదే ఏడాది ఫలితాన్ని మార్చేయగలదు. మన దేశంలో ఇంకో మెలిక ఉంది. 2024 జులై 23 బడ్జెట్‌లో బంగారంపై దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించడంతో రూపాయల ధర ఒక్కసారిగా పడిపోయింది. ప్రపంచ మార్కెట్‌లో ఆ కుదుపు లేదు. ఆ రోజును తప్పించుకున్న సూత్రం మార్కెట్‌ను చదివినట్టు కాదు. అలాంటి రోజుల్ని తీసేసి మళ్లీ లెక్క కట్టాలి. బ్రోకరేజీ, పన్నులు కూడా తీసేయాలి. కొని అమ్మిన ప్రతిసారీ 0.15 శాతం పోతుందనుకుంటే, ఏడాదికి 40 సార్లు తిరిగే సూత్రం 6 శాతం ఖర్చుతోనే మొదలవుతుంది.

అన్నిటికంటే గట్టి పరీక్ష, కొన్నేళ్ల ధరలను ముందే పక్కన పెట్టేయడం. 2001 నుంచి 2015 దాకా ఉన్న ధరలతో సూత్రాన్ని తయారుచేసి, దానికి తాళం వేసి, 2016 తర్వాతి ధరల మీద ఒక్కసారే నడపాలి. ఫలితం నచ్చలేదని వెనక్కి వెళ్లి సంఖ్యలు మార్చి మళ్లీ నడిపితే, ఆ ధరలు కూడా తయారీలో భాగమైపోతాయి. నిజాయితీ గల పరీక్ష వాటితో ఇక సాధ్యం కాదు. చాలామంది జారిపోయేది ఇక్కడే. దాచిన ధరల మీద లాభం సగానికి తగ్గినా మిగిలి ఉంటే ఆ సూత్రాన్ని నేను గౌరవిస్తాను.

ఎవరైనా పాత ఫలితాల గ్రాఫ్ చూపించి మీ డబ్బు అడిగితే, దీనికి ముందు ఎన్ని రకాలు పరీక్షించి పక్కన పడేశారని అడగండి. ఆ లెక్క చెప్పలేనివారి చేతికి డబ్బు ఇవ్వకండి.