రంగు ఒకటే, జబ్బులు రెండు

పిల్లల పళ్లు పచ్చగానో గోధుమరంగులోనో కనిపిస్తే మన దగ్గర ముందుగా నోటికొచ్చే మాట ‘నీళ్లు’. ఆ అనుమానానికి కారణం ఉంది. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే జబ్బును మన దేశంలో 1937లో నెల్లూరు జిల్లాలోనే గుర్తించి రాశారు. ఇక నల్గొండ సంగతి చెప్పనక్కర్లేదు. కానీ ఫ్లోరైడ్ మచ్చలు ఎక్కువగా శాశ్వత దంతాల మీదే కనిపిస్తాయి, అవే నీళ్లు తాగే ఇరుగుపొరుగు పిల్లల్లోనూ ఉంటాయి. పాలపళ్లు మొలిచినప్పటి నుంచే రంగు తేడాగా ఉండి, వీధిలో ఆ ఒక్క ఇంట్లోనే ఉంటే, అమ్మమ్మకో నాన్నకో కూడా అలాంటి పళ్లే ఉంటే, నీళ్లను వదిలి వంశం గురించి అడగాలి.

అప్పుడు డాక్టర్ల నోట వినిపించే పేర్లు రెండు. ఒకటి ఎమిలోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా, రెండోది డెంటినోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా. రెండూ పుట్టుకతో వచ్చేవే. రెండింట్లోనూ పళ్లు రంగు మారతాయి, పెచ్చులు ఊడతాయి, అరిగిపోతాయి. చూపుకు ఇంత దగ్గరగా ఉన్నా, ఒకదానికి పనికొచ్చే వైద్యం రెండోదానికి చేస్తే పన్ను దక్కకపోవచ్చు.

పంటికి పైన ఎనామెల్ అనే గట్టి పొర, దాని లోపల డెంటిన్, ఆ లోపల నరం, రక్తనాళాలు ఉండే గుజ్జు. గోడతో పోల్చుకుంటే ఎనామెల్ పైపూత, డెంటిన్ ఇటుక కట్టు. మొదటి జబ్బులో కట్టు బాగానే ఉంటుంది, పూతే సరిగా ఏర్పడదు. రెండోదాంట్లో పూత మంచిదే, లోపలి కట్టు మెత్తన. ఆధారం లేక మంచి పూత కూడా పెళ్లలుగా ఊడిపోతుంది.

ఎనామెల్ జబ్బు అందరిలో ఒకేలా ఉండదు. కొందరికి ఎనామెల్ గట్టిగానే ఉంటుంది కానీ పల్చగా, గుంటలు గుంటలుగా ఉంటుంది; పళ్లు చిన్నవిగా, మధ్యలో సందులతో కనిపిస్తాయి. ఇంకొందరికి మందం సరిగానే ఉండి గట్టిదనం ఉండదు. డాక్టర్ చేతిలోని మొన తేలిన పరికరంతో గీస్తే పొడిగా రాలుతుంది. అది రాలిన చోట చల్లనీళ్లు తగిలితే పన్ను జివ్వుమంటుంది. అందుకే ఈ పిల్లలు బ్రష్ పెట్టుకోరు. పెద్దవాళ్లు బద్ధకమనుకుని తిడతారు. ఈలోగా గార పేరుకుని చిగుళ్లు వాచిపోతాయి. ఆ పిల్లాడికి కావాల్సింది తిట్లు కాదు, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బ్రష్, పళ్లకు త్వరగా ఒక కప్పు.

డెంటిన్ జబ్బులో పన్ను బూడిద, నీలం, తేనె రంగులు కలిసిపోయి, వెలుతురు పడితే లోపలి నుంచి మెరిసినట్టుంటుంది. ఎనామెల్ ఊడాక డెంటిన్ ఎంత త్వరగా అరుగుతుందంటే, మూడేళ్లు నిండేసరికే కొందరికి ముందుపళ్లు చిగురు దాకా వచ్చేస్తాయి. ఇంత అరిగినా జివ్వుమనడం మాత్రం తక్కువే.

అనుమానం మిగిలితే ఎక్స్‌రే తీర్చేస్తుంది. ఎనామెల్ జబ్బులో పన్ను చుట్టూ తెల్లగా కనిపించాల్సిన అంచు పల్చబడి ఉంటుంది, లేదా డెంటిన్ రంగులో కలిసిపోతుంది. లోపలి గుజ్జు గది మామూలుగానే ఉంటుంది. డెంటిన్ జబ్బులో పంటి తల ఉబ్బి, మెడ దగ్గర నొక్కినట్టు సన్నబడుతుంది. వేళ్లు పొట్టిగా, సన్నగా ఉంటాయి. గుజ్జు గది, వేరులోని సన్నటి దారి మెల్లమెల్లగా పూడుకుపోతాయి. వైద్యమంతా తిరిగేది ఈ పూడిక చుట్టూనే.

వంశపారంపర్యంలోనూ దారులు వేరు. డెంటిన్ జబ్బు తిన్నగా దిగుతుంది. తల్లికో తండ్రికో ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఒకటే. ఎక్కువ ఇళ్లలో కారణం డీఎస్‌పీపీ అనే జన్యువు. ఎనామెల్ జబ్బుకు ఎన్నో జన్యువులు కారణం కావచ్చు. కొన్ని ఇళ్లలో తరం తప్పకుండా వస్తుంది. కొన్నిచోట్ల తల్లిదండ్రులిద్దరి పళ్లూ బాగుండి పిల్లలకు వస్తుంది. మేనరికం ఉన్న ఇళ్లలో దీనికి అవకాశం ఎక్కువ. మరో రకం ఎక్స్ క్రోమోజోమ్ వెంట నడుస్తుంది. అప్పుడు కొడుక్కి నోరంతా జబ్బు ఉంటే, తల్లి పళ్ల మీద పైనుంచి కిందికి నిలువు చారలు మాత్రమే ఉండొచ్చు. అందుకే బిడ్డను చూపించడానికి వచ్చిన అమ్మను కూడా ఒకసారి నోరు తెరవమనాలి.

ఇప్పుడు డెంటిన్ జబ్బున్న మూడేళ్ల పాపను ఊహించుకుందాం. తల్లికి ముప్పై దాటకుండానే కట్టుడు పళ్లు వచ్చాయి. పాపకు ముందుపళ్లు సగం అరిగాయి, దవడ పళ్ల ఎనామెల్ ఇప్పుడిప్పుడే పెచ్చులూడుతోంది. ఇక్కడ తొందర పడాల్సింది దవడ పళ్ల గురించి. ఎనిమిది పాల దవడ పళ్లకూ స్టీలు క్యాపులు వేయాలి, పన్ను పెద్దగా అరగదీయకుండా. ఇంకో ఏడాది ఆగితే క్యాపు పట్టుకోవడానికి పన్నే మిగలదు. ముందుపళ్లకు మిగిలిన మేరకు కాంపోజిట్‌తో పంటి రంగు తొడుగు. ఇంత చిన్న పిల్ల కుర్చీలో అంతసేపు కూర్చోదు కాబట్టి మత్తిచ్చి ఒకేసారి పూర్తి చేయడం చాలాసార్లు మేలు.

తర్వాత కూడా ఒక ప్రమాదం ఉంది. పిప్పి లేకుండానే చిగురు మీద చీము పొక్కు రావచ్చు. రూట్ కెనాల్ చేద్దామంటే దారి పూడిపోయి సూది దిగదు, చివరికి పన్ను తీసేయాల్సి రావచ్చు. ఆరేళ్లకు శాశ్వత దవడ పళ్లు రాగానే వాటికీ క్యాపులు వేయాలి. ముందుపళ్లను కాంపోజిట్‌తో కాపాడుకుంటూ, ఎదుగుదల పూర్తయ్యాక శాశ్వతమైన క్యాపులకు వెళ్లాలి. వేళ్లు పొట్టి, సన్నం కాబట్టి వేరులో మేకులాంటి పోస్టు దించడం, ఒక పంటి మీద పక్క పళ్ల బరువు కూడా మోపే పొడవాటి బ్రిడ్జి కట్టడం దీనికి నప్పవు.

ఇదే పని ఎనామెల్ జబ్బున్న తొమ్మిదేళ్ల పిల్లాడిలో మరోలా సాగుతుంది. వాడి డెంటిన్ గట్టిది, వేళ్లు మామూలువి. చిక్కంతా అతుకు దగ్గరే. ఎనామెల్ మెత్తగా ఉన్న రకంలో కాంపోజిట్ దాన్ని పట్టుకోలేక మళ్లీ మళ్లీ ఊడుతుంది, క్లిప్పుల వైద్యానికి అతికించే బ్రాకెట్లు కూడా అంతే. ఈ పిల్లల్లో చాలామందికి దవడ పళ్లు కలిసినా ముందుపళ్లు కలవవు కాబట్టి ఆ క్లిప్పుల అవసరం ఎక్కువే.

పింగాణీ క్యాపులు పద్దెనిమిది దాటాకే వేయాలన్నది పాత పద్ధతి. చిన్న వయసులో గుజ్జు గది పెద్దది, అరగదీస్తే నరం దాకా వెళ్తుందన్న భయం న్యాయమైనదే. అయితే స్వీడన్‌లో కౌమారంలో ఉన్నవాళ్లకు, యువకులకు ఈ క్యాపులు వేసి చూస్తే చాలావరకు బాగా నిలిచాయి, జివ్వుమనడమూ తగ్గింది. పళ్లు కనపడకుండా నోరు మూసుకుని బడికెళ్లే పిల్లాణ్ణి ఇంకా తొమ్మిదేళ్లు ఆగమనడం కంటే, ఎక్స్‌రేలో గుజ్జు గది చూసి ఒక్కో పంటికీ విడిగా నిర్ణయించడం సరైనదని నా అభిప్రాయం. డెంటిన్ గట్టిగా ఉంది కాబట్టే ఆ వెసులుబాటు.

పళ్ల పని మొదలెట్టే ముందు రెండు ప్రశ్నలు తప్పకుండా అడగాలి. డెంటిన్ జబ్బున్న పిల్లకు చిన్న దెబ్బకే ఎముకలు విరిగాయా, కంటి తెల్లగుడ్డు నీలంగా ఉందా అన్నది మొదటిది. అవునంటే అది ఎముకలు పెళుసుబారే జబ్బులో భాగం కావచ్చు, పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ఎముకల కోసం బిస్ఫాస్ఫోనేట్ మందులు వాడుతుంటే, పన్ను తీసే ముందు ఆ సంగతి దంత వైద్యుడికి చెప్పాలి. ఎనామెల్ దాదాపు లేకుండా, పళ్లు సమయానికి మొలవకుండా, చిగుళ్లు దళసరిగా పెరిగి ఉంటే రెండో ప్రశ్న: కిడ్నీలు స్కాన్ చేయించారా? ఎఫ్‌ఏఎం20ఏ అనే జన్యువు చెడినప్పుడు ఈ పళ్లతో పాటు కిడ్నీల్లో కాల్షియం పేరుకుంటుంది, చాలాకాలం బయటికి ఏ లక్షణమూ కనిపించదు.