సున్నా ఒంటరిగా వచ్చిందా, వరుసంతా వచ్చిందా?

ఊయలను ఒకసారి ఊపి వదిలితే కాసేపు ఊగి ఆగిపోతుంది. అది స్థిరమైన వ్యవస్థ. ఆగకుండా ఎప్పుడూ ఒకే ఎత్తుకు ఊగుతూ ఉంటే అది అంచు మీద నిలిచిన వ్యవస్థ. ఊగేకొద్దీ ఎత్తు పెరిగిపోతుంటే అస్థిరం. మోటారు వేగాన్నో కొలిమి వేడినో అదుపులో పెట్టే ఏర్పాటు ఈ మూడింటిలో ఏ కోవకు చెందుతుందో దాని కారెక్టరిస్టిక్ ఈక్వేషన్ మూలాలు చెబుతాయి. మూలాలన్నీ సంకీర్ణ తలంలో నిలువు అక్షానికి ఎడమవైపు ఉంటే స్థిరం. ఒక్కటి కుడివైపు ఉన్నా అస్థిరమే.

అయితే నాలుగో డిగ్రీ, ఐదో డిగ్రీ సమీకరణాల మూలాలను చేత్తో కనుక్కోవడం కష్టం. కేంబ్రిడ్జ్‌లో గణితం నేర్పిన ఎడ్వర్డ్ జాన్ రౌత్ 1877లో దీనికి ఒక దారి చూపాడు. గుణకాలను ఒకటి విడిచి ఒకటిగా రెండు వరుసల్లో పేర్చాలి. ఆ రెంటి నుంచి అడ్డగుణకారంతో మూడో వరుస, తర్వాత నాలుగోది, అలా చివరిదాకా కట్టాలి. మొదటి కాలమ్‌లో గుర్తు ఎన్నిసార్లు మారితే కుడివైపు అన్ని మూలాలు ఉన్నట్టు.

ప్రతి వరుసనూ దాని పై వరుసలోని మొదటి అంకెతో భాగించి తెస్తాం. ఆ అంకె సున్నా అయితే లెక్క ముందుకు సాగదు. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. ఎందుకంటే ఆ సున్నా రెండు రకాలుగా వస్తుంది, రెంటికీ మందు వేరు.

మొదటి రకానికి s^4 + s^3 + 2s^2 + 2s + 3 = 0 తీసుకుందాం.

```
s^4 | 1  2  3
s^3 | 1  2
s^2 | 0  3
```

మూడో వరుస మొదట సున్నా ఉంది కానీ పక్కన 3 ఉంది. ఇది ఒంటరి సున్నా. దాని చోట ε అనే అతి చిన్న ధన సంఖ్యను పెడతాం. అప్పుడు s^1 వరుసలో (2ε − 3)/ε వస్తుంది. ε చిన్నదయ్యేకొద్దీ అది పెద్ద రుణ సంఖ్య అవుతుంది. చివరి వరుసలో 3. మొదటి కాలమ్ గుర్తులు వరుసగా +, +, +, −, +. రెండు మార్పులున్నాయి కాబట్టి రెండు మూలాలు కుడివైపున ఉన్నాయి. వ్యవస్థ అస్థిరం. ε ను రుణ సంఖ్యగా తీసుకున్నా గుర్తులు +, +, −, +, + అవుతాయి. మార్పులు మళ్లీ రెండే.

రెండో రకం గెయిన్ K ఉన్న ప్రశ్నల్లో ఎదురవుతుంది. s^3 + 2s^2 + 4s + K = 0 అనుకోండి.

```
s^3 | 1        4
s^2 | 2        K
s^1 | (8-K)/2
s^0 | K
```

K సున్నాకూ 8కీ మధ్య ఉన్నంతసేపు స్థిరం. సరిగ్గా 8 అయితే s^1 వరుసలో సున్నా వస్తుంది. చాలామంది ఇక్కడ కూడా ε పెట్టేస్తారు. మొదటి కాలమ్ 1, 2, ε, 8 అవుతుంది, గుర్తు మారదు, స్థిరమని రాసేస్తారు. అది తప్పు. ఆ వరుసలో ఉన్నదే ఒక్క అంకె. అది సున్నా అయితే వరుసంతా సున్నా అయినట్టే. ε ను రుణంగా పెట్టి చూస్తే పొరపాటు బయటపడుతుంది, ఈసారి రెండు మార్పులు వస్తాయి. ధన, రుణ విలువలు వేర్వేరు జవాబులు ఇచ్చాయంటే మూలాలు సరిగ్గా నిలువు అక్షం మీద ఉన్నట్టు.

వరుసంతా సున్నా అయిందంటే మూలాల్లో కొన్ని మూలబిందువుకు అటూ ఇటూ జతగా ఉన్నాయని అర్థం. ఆ జతలు పై వరుసలోనే దాగి ఉంటాయి. ఆ వరుస నుంచి రాసే సమీకరణమే ఆగ్జిలరీ ఈక్వేషన్. ఇక్కడ అది 2s^2 + 8 = 0. సాధిస్తే s = ±2j. దాన్ని అవకలనం చేస్తే 4s వస్తుంది. ఆ 4ను సున్నా చోట పెట్టి పట్టిక పూర్తిచేస్తే మొదటి కాలమ్ 1, 2, 4, 8. గుర్తు మారలేదు, కుడివైపు ఏమీ లేదు. ఆ జత అక్షం మీదే ఉంది, మూడో మూలం −2. వ్యవస్థ పెరగకుండా, తగ్గకుండా సెకనుకు 2 రేడియన్ల చొప్పున, అంటే సుమారు 3.14 సెకన్లకు ఒక ఊపుగా ఊగుతూనే ఉంటుంది. నిరంతర డోలనాలకు K ఎంత, పౌనఃపున్యం ఎంత అని అడిగితే జవాబులు 8, 2.

ఇంకొక్క జాగ్రత్త ఉంది. s^4 + 2s^2 + 1 = 0 కు రెండుసార్లు వరుసంతా సున్నా వస్తుంది. ఆగ్జిలరీతో పూర్తిచేస్తే గుర్తు ఒక్కసారీ మారదు. అయినా అది అంచు మీది వ్యవస్థ కాదు, అస్థిరమే. s = ±j అనే జత రెండుసార్లు వచ్చింది కాబట్టి ఊపు కాలంతో పాటు పెరుగుతూ పోతుంది. అందుకే వరుసంతా సున్నా వచ్చినప్పుడు గుర్తులు లెక్కపెట్టి ఆగిపోకూడదు. ఆగ్జిలరీ ఈక్వేషన్‌ను సాధించి, అందులో ఏ మూలమైనా రెండుసార్లు వచ్చిందేమో చూశాకే జవాబు రాయాలి.