ఆస్తి తనఖా ఋణం, హామీ లేని వ్యాపార ఋణం: విలువ నిర్ధారణ, నష్టభయం

వ్యాపార విస్తరణకు ఋణం తీసుకునేవారు సాధారణంగా ముందుగా పోల్చేది వడ్డీరేటును. ఆస్తి తనఖాపై ఇచ్చే ఋణానికి అది తక్కువ, హామీ లేని ఋణానికి ఎక్కువ. అయితే గడువును పక్కనపెట్టి రేటును మాత్రమే చూడడం పొరపాటు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. విజయవాడలో చిన్న ముద్రణాలయం నడిపే వ్యక్తికి కొత్త ఆఫ్‌సెట్ యంత్రం కోసం 20 లక్షల రూపాయలు కావాలి. ఇంటి తనఖాపై 10 శాతం వడ్డీతో 10 ఏళ్ల గడువు లభిస్తే నెలసరి వాయిదా సుమారు 26,430 రూపాయలు. హామీ లేకుండా 18 శాతం వడ్డీతో 3 ఏళ్ల గడువైతే సుమారు 72,300. మొత్తం వడ్డీ మాత్రం మొదటిదానికి 11.7 లక్షలు, రెండోదానికి 6 లక్షలు. అంటే తనఖా ఋణం ఇచ్చేది చౌకదనం కాదు, నెలవారీ వెసులుబాటు. యంత్రంపై నెలకు 45 వేలు మాత్రమే మిగిలితే హామీ లేని ఋణం మోయలేనిది. ఆ 45 వేలనూ ప్రతినెలా తనఖా ఋణానికే చెల్లించగలిగితే అది 56 నెలల్లో తీరి, వడ్డీ 5 లక్షల దగ్గర ఆగుతుంది. ముందస్తు చెల్లింపు నిబంధనలను సంతకానికి ముందే చదవవలసింది ఇందుకే.

ఇక విలువ నిర్ధారణ. యజమాని దృష్టిలో ఆ ఇల్లు 60 లక్షలు. కానీ ఆమోదిత ప్లానులో పై అంతస్తు లేదు. బ్యాంకు నియమించిన మదింపుదారు దానిని విడిచిపెట్టి, స్థలాన్నీ కింది అంతస్తునూ 40 లక్షలుగా లెక్కిస్తాడు. అందులో సగానికే బ్యాంకు అంగీకరిస్తే 20 లక్షలు వస్తాయి. నివేదికలో తొందరపాటు అమ్మకంలో రాగల విలువ కూడా విడిగా ఉంటుంది. బ్యాంకుకు ముఖ్యమైనది అదే. మదింపుతో పాటు న్యాయవాది లింకు దస్తావేజులను, ఈసీని పరిశీలిస్తాడు. మధ్యలో ఒక వారసుని సంతకం లోపించినా ఋణం ఆగిపోవచ్చు.

బంగారం కుదువ పెడితే వస్తువు చేయి దాటుతుంది. ఇంటి తనఖాలో కాగితాలు మాత్రమే వెళ్తాయి, కనుక ప్రమాదం కంటికి కనిపించదు. వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే ఖాతా నిరర్థక ఆస్తి అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆపై సివిల్ కోర్టు డిక్రీ లేకుండానే ఇంటిని స్వాధీనపరచుకొని వేలం వేయవచ్చు. వేలం ప్రకటన వెలువడేలోగా బకాయి మొత్తం ఖర్చులతో చెల్లిస్తే ఇల్లు దక్కుతుంది. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. వ్యాపార ఋణాలకు పొలాన్ని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు వెనుకాడడానికి ఇదొక కారణం.

హామీ లేని ఋణంలో బ్యాంకు నేరుగా ఇంటిపైకి రాలేదు. అయితే యజమాని వ్యక్తిగత పూచీ ఇచ్చి ఉంటే, డిక్రీ పొంది అతని సొంత ఆస్తిని జప్తు చేయించవచ్చు. తేడా కాలంలోనూ మార్గంలోనూ ఉంది.

ముద్రణాలయం భర్తదై, ఇల్లు భార్య పేర ఉంటే తనఖాపై ఆమె సంతకం తప్పనిసరి. వ్యాపారంలో వాటా లేకపోయినా ఇల్లు పోయేది ఆమెకే. కనుక పై రెండు లెక్కలూ సంతకానికి ముందు ఆమె ముందుండాలి.