బూటు లోపలి అస్తరు: చెమట ఎక్కడికి పోతుంది?

పాదం చెమటకు పుట్టినప్పుడు వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా ఆ తడిలో, వెచ్చదనంలో పెరిగి, చెమటలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి ఐసోవాలరిక్ ఆమ్లంగా మారుస్తుంది. బూటు విప్పగానే ముక్కుకు తగిలే పుల్లటి ఘాటులో దీని పాలు చాలా ఎక్కువ. అంటే వాసన ఎంత అన్నది, లోపల తడి ఎన్ని గంటలు నిలిచిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మూసి ఉన్న బూటులోంచి ఆవిరి బయటపడే దారులు తక్కువ. చీలమండ దగ్గర కాస్త సందు ఉంటుంది. పైతోలుకు రంగు పూత, దాని మీద పాలిష్ ఉంటాయి కనుక అటుగా వెళ్లేది కొంచెమే. మిగిలిన చెమటను పగలంతా సాక్సు, అస్తరు, ఇన్‌సోల్ పట్టుకుని, రాత్రికి వదిలెయ్యాలి. ఈ వదలడం కూడా పట్టుకోవడమంత ముఖ్యం. కార్మికుల భద్రతా బూట్లకున్న అంతర్జాతీయ ప్రమాణం, లోపలి అట్ట చదరపు సెంటీమీటరుకు కనీసం 70 మిల్లీగ్రాముల నీరు పీల్చాలనీ, అందులో 80 శాతం తిరిగి వదలాలనీ చెబుతుంది.

తోలు అస్తరు గొప్పతనం పట్టుకోవడంలో ఉంది. దాని కొల్లాజెన్ పోగులు తేమను తమలోకే తీసుకుంటాయి కాబట్టి, చాలా తేమ చేరాక కూడా చేతికి పొడిగానే తగులుతుంది. వాడేకొద్దీ పాదం ఆకారానికి ఒదుగుతుంది, కరవడం తగ్గుతుంది. కానీ ఇదంతా పూత లేని తోలుకే. మెరుపు కోసం ప్లాస్టిక్ పూత దట్టంగా వేస్తే తోలు ఉన్నా లేనట్టే. కనపడని మూల ఒక నీటి చుక్క పెట్టి చూడండి: పూత లేని తోలు కాసేపటికి చుక్కను పీల్చుకుని ముదురు రంగుకు తిరుగుతుంది, పూత ఉన్నదాని మీద అది పూసలా నిలుస్తుంది. ఇంకో సంగతి, చాలా బూట్లలో మడమ వైపు మాత్రమే తోలు వేసి, వేళ్ల వైపు బట్ట వేస్తారు. వేలు ముందుకంటా పోనిచ్చి తడిమితే తెలుస్తుంది. క్రోమ్‌తో పదును చేసిన తోలు కొందరికి పడదు. చెమటకు క్రోమియం కరిగి పాదం పైభాగంలో దురద, దద్దుర్లు వస్తాయి. అలాంటివారికి చెట్ల బెరడు, కాయలతో పదును చేసిన తోలు మేలు.

బట్టలో రెండు దారులున్నాయి. మామూలు గాలిలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. నూలు చెమట తాగి తడిగా ఉండిపోతుంది. పాలిస్టర్ జాలీ తాగదు, పోగుల సందుల గుండా చెమటను పక్కకు పరుస్తుంది. పైభాగం కూడా జాలీయే అయిన స్పోర్ట్స్ షూలో అది బయటికెళ్లి ఆరిపోతుంది. అదే జాలీని రెక్సిన్ బూటు లోపల అంటిస్తే చెమట పోవడానికి చోటే లేదు. అయితే గుడ్డ బూటును ఉతకొచ్చు, తోలుకు ఆ సౌకర్యం లేదు.

ఫోమ్ సాధారణంగా పల్చటి బట్ట వెనక దాక్కుని ఉంటుంది. దుకాణంలో వేసుకోగానే హాయిగా అనిపించేది అదే, అందుకే నాకు దాని మీద అనుమానం. గాలి అరల వల్ల వేడి నిలిచి చెమట మరింత పడుతుంది. తెరిచిన అరల పాలియురిథేన్ ఫోమ్ గిన్నెలు తోమే స్పాంజిలా తడిని కడుపులో దాచుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ తేమకు పొడిపొడిగా రాలుతుంది. మూసుకున్న అరల ఈవీఏ నీరు తాగదు, ఆ చెమటంతా సాక్సు మీద పడుతుంది.

మీ బూటు సంగతి వంటింటి డిజిటల్ త్రాసు చెబుతుంది. మట్టి తుడిచి ఒక బూటును తూచండి. ఉదయం 410 గ్రాములు, విప్పగానే 422, మర్నాడు ఉదయం 418 వచ్చాయనుకుందాం. 12 గ్రాములు చేరి, రాత్రికి 4 మాత్రమే పోయాయి. మిగిలిన 8 మీదే రెండో రోజు చెమట పడుతుంది. వర్షాకాలపు ఉక్కలో ఏ అస్తరైనా ఇలా మిగుల్చుకోవచ్చు. అప్పుడు ఇన్‌సోల్ తీసి విడిగా ఆరబెట్టాలి, బూటులో పాత వార్తాపత్రిక కుక్కాలి, మర్నాడు వేరే జత వేసుకోవాలి. తోలును మాత్రం మండుటెండలో పెట్టకూడదు, బిగుసుకుని పగులుతుంది.

రోజంతా ఆఫీసు బూటు తొడిగేవారికి వేళ్ల దాకా పూతలేని తోలు ఉన్న రెండు జతలు నా ఎంపిక. ఒకే జతతో వారమంతా బడికెళ్లే పిల్లలకు, ఉతకగల బట్ట అస్తరు, ఊడివచ్చే ఇన్‌సోల్ ఉన్నదే కొంటాను. అరికాలిలో సన్నటి గుంటలు పడినా, వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా మెత్తబడి ఊడుతున్నా, అస్తరు మార్చి ఊరుకోకుండా చర్మవైద్యుడికి చూపించాలి. మొదటిది ఎక్కువగా బ్యాక్టీరియా వల్ల, రెండోది తరచుగా ఫంగస్ వల్ల వస్తుంది, రెండింటికీ మందులు వేరు.